ఆ చుక్క గ్రహమా, నక్షత్రమా?

కంటికి గ్రహమూ నక్షత్రమూ రెండూ చుక్కలే. పరికరం ఏదీ లేకుండా తేలిగ్గా కనిపించే గ్రహాలు ఐదు: బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. వీటిని నక్షత్రాల నుంచి వేరు చేయడానికి ఎక్కువమందికి తెలిసిన గుర్తు ఒకటే. మినుకుమినుకుమంటే నక్షత్రం, నిలకడగా వెలిగితే గ్రహం. ఈ గుర్తు అబద్ధం కాదు. కానీ కొత్తగా ఆకాశం చూసేవారు ఎక్కువగా చూసేది దిగంతానికి దగ్గరగా, ఇళ్ల కప్పుల మీదుగా కనిపించే చుక్కల్ని. సరిగ్గా అక్కడే ఈ గుర్తు తప్పుదారి పట్టిస్తుంది. అందుకే మినుకును అనుమానానికి ఆధారంగా మాత్రమే తీసుకుని, ఆ చుక్క ఆకాశంలో ఏ చోట ఉంది, ఎంత వెలుగుతోంది అన్న రెండు ప్రశ్నలతో తీర్పు చెప్పాలి.

ముందు మినుకు సంగతి. నక్షత్రం తనంతట తాను మినుకుమనదు. దాని వెలుగు నేలకు చేరేలోపు గాలి పొరలగుండా రావాలి. ఆ పొరల్లో కాస్త వెచ్చని గాలి, కాస్త చల్లని గాలి చిన్న చిన్న ముద్దలుగా కలిసి కదులుతూ ఉంటాయి. వెచ్చని గాలి కాంతిని ఒక మేరకు వంచుతుంది, చల్లని గాలి మరో మేరకు వంచుతుంది. ఎండాకాలం కదిలే నీళ్ల అడుగున పడి ఉన్న నాణెం అదిరినట్టు కనిపించడానికి కారణం ఏదో, ఇక్కడా అదే. ఒక క్షణం కంట్లోకి కాంతి కాస్త ఎక్కువ పడుతుంది, మరుక్షణం కాస్త తక్కువ పడుతుంది. సెకనులో ఇలా చాలాసార్లు జరగడమే మినుకు.

మరి గ్రహం కాంతి కూడా అదే గాలిలోంచి వస్తుంది కదా, అది ఎందుకు నిలకడగా ఉంటుంది? దీనికి జవాబు పరిమాణంలో ఉంది. ఆకాశంలో వెడల్పును కోణంతో కొలుస్తారు. డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను. పున్నమి చంద్రుడి వెడల్పు దాదాపు 1800 ఆర్క్ సెకన్లు. గురుడు భూమికి దగ్గరగా ఉన్న రోజుల్లో 45 ఆర్క్ సెకన్ల పైచిలుకు ఉంటాడు, అంటే చంద్రుడి వెడల్పులో నలభయ్యో వంతు. కంటికి అది బిళ్లలా తెలియదు, చుక్కగానే తోస్తుంది. అయినా నిజానికి అది ఒక బిళ్లే. రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్, మన వాళ్లు మృగవ్యాధుడన్నది, సూర్యుడి కన్నా పెద్దదే. కానీ 8.6 కాంతి సంవత్సరాల దూరాన ఉండటంతో దాని వెడల్పు ఆర్క్ సెకనులో 0.006 వంతుకు కుంచించుకుపోయింది. గురుడి బిళ్ల దానికి ఏడువేల రెట్లకు పైగా వెడల్పు. బిళ్ల మీది ప్రతి బిందువు నుంచి వచ్చే కాంతీ విడివిడిగా అదురుతుంది. ఒక బిందువు మసకబారిన క్షణంలోనే పక్క బిందువు మెరుస్తుంది. హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి సరిచేసుకుని మొత్తం మీద వెలుగు నిలకడగా కనిపిస్తుంది. నక్షత్రానికి ఆ సర్దుబాటు వీలు కాదు, ఉన్నది ఒకే బిందువు.

ఇప్పుడు ఈ గుర్తు ఎక్కడ విఫలమవుతుందో చూడాలి. నడినెత్తిన ఉన్న చుక్క కాంతి గాలి పొరను నిటారుగా దాటుతుంది. దిగంతం నుంచి 30 డిగ్రీల ఎత్తున ఉన్నదాని కాంతి అంతకు రెట్టింపు గాలిని దాటాలి. 10 డిగ్రీల ఎత్తుకు దిగితే అయిదు రెట్లకు మించిన గాలిని దాటాలి. ఆ ఎత్తులో గ్రహం కూడా అదురుతుంది. బుధుడి పరిస్థితి మరీ ఇబ్బంది. సూర్యుడికి 28 డిగ్రీలకు మించి ఎప్పుడూ దూరం పోడు కాబట్టి సంధ్యవేళ కిందకే కనిపిస్తాడు, పైగా బిళ్ల చిన్నది. అందుకే గ్రహమై ఉండి కూడా బాగానే మినుకుమంటాడు. ఎదురు తప్పు కూడా ఉంది. గాలి కదలిక లేక కాస్త మంచు పట్టిన రాత్రి నడినెత్తిన ఉన్న నక్షత్రం దాదాపు గ్రహమంత నిలకడగా వెలుగుతుంది. కాబట్టి ఒక చుక్కను ఒంటరిగా చూసి మినుకు మీద నిర్ణయం చేయకూడదు. దాదాపు అదే ఎత్తున ఉన్న మరో ప్రకాశవంతమైన చుక్కను ఎంచుకుని, రెంటినీ చెరో అర నిమిషం చూసి పోల్చాలి. ఇద్దరికీ అడ్డున్న గాలి ఒకటే అయినప్పుడే పోలికకు అర్థం ఉంటుంది.

రెండో ప్రశ్న చోటు. కొత్తవారికి ఇదే అన్నిటికన్నా నమ్మకమైన సాధనం, అయినా దీన్ని పట్టించుకునేవారు తక్కువ. గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ దాదాపు ఒకే తలంలో తిరుగుతాయి. భూమి కూడా ఆ తలంలోనే ఉంది. అందువల్ల ఇక్కడి నుంచి చూస్తే గ్రహాలు ఆకాశమంతా చెల్లాచెదురుగా ఉండవు. సూర్యుడు ఏడాది పొడవునా నక్షత్రాల మధ్య నడిచే దారికి అటూ ఇటూ కొద్ది డిగ్రీల్లోనే ఉంటాయి. ఆ దారిని క్రాంతివృత్తం అంటారు. పన్నెండు రాశులు దాని మీదే ఉన్నాయి. చంద్రుడు కూడా దానికి అయిదు డిగ్రీలకు మించి పక్కకు పోడు. కాబట్టి దారిని ఊహించుకోవడం కష్టం కాదు. సూర్యుడు అస్తమించిన చోటును గుర్తుపెట్టుకుని, చంద్రుడు ఆకాశంలో ఉంటే అక్కడి నుంచి అతని మీదుగా అవతలి దిగంతం దాకా ఒక వంపు గీత గీసుకోవాలి. చేయి బారచాపి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఆ గీతకు పిడికిలెడు దూరం దాటి బయట ఉన్న చుక్క ఎంత వెలిగినా గ్రహం కాదు.

తెలుగు ప్రాంతాల నుంచి చూసేవారికి ఈ లెక్క మరింత సులువు. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఇక్కడ గ్రహాల దారి నడినెత్తికి కాస్త ఉత్తరం నుంచి, దక్షిణాన ఆకాశం సగం ఎత్తు వరకు ఉన్న మేరలోనే మధ్యాహ్నరేఖను దాటుతుంది. సూటిగా దక్షిణ దిక్కున, నేలకు రెండు పిడికిళ్ల ఎత్తున ఏదైనా ధగధగా మెరుస్తుంటే అది గ్రహం అయ్యే అవకాశం లేదు. చలికాలం రాత్రుల్లో అక్కడ కనిపించేది అగస్త్య నక్షత్రం. ప్రకాశంలో సిరియస్ తర్వాతి స్థానం దానిదే. అలాగే ఉత్తరాన ధ్రువ నక్షత్రం, సప్తర్షి మండలం ఉన్న వైపు గ్రహం ఎన్నడూ రాదు.

దారి మీద ఉన్నంత మాత్రాన గ్రహమేనని కాదు. ఆ దారి పక్కనే నివసించే ప్రకాశవంతమైన నక్షత్రాలూ కొన్ని ఉన్నాయి. వాటిలో నాలుగు ముఖ్యం: రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. పునర్వసు జంట కాస్త పక్కగా ఉంటుంది. పేర్లు పంచాంగం చూసే ఇళ్లలో అందరికీ తెలిసినవే. మఖ, చిత్త తెల్లగా, కాస్త నీలి ఛాయతో ఉంటాయి. రోహిణి నారింజ రంగుది, జ్యేష్ఠ ఎర్రనిది. కొత్తవారు కుజుడని పొరబడేది ఎక్కువగా ఈ రెంటినే. ఈ కొద్ది నక్షత్రాలు ఏ చోట ఉంటాయో తెలిస్తే, దారి మీద వాటికి అదనంగా కనిపించే ప్రకాశవంతమైన చుక్క గ్రహమే అవుతుంది.

మూడో ప్రశ్న వెలుగు. శుక్రుడు, గురుడు ఇద్దరూ ఎప్పుడు కనిపించినా ఏ నక్షత్రం కన్నా ప్రకాశవంతంగానే కనిపిస్తారు. సిరియస్ కన్నా స్పష్టంగా మిన్నగా వెలిగే చుక్క ఉందంటే, అది విమానమో కృత్రిమ ఉపగ్రహమో కానప్పుడు, గ్రహమే. ఆ ఇద్దరిలో ఎవరన్నది తేల్చడానికి గడియారం చాలు. శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీల కన్నా దూరం పోడు. అందువల్ల సాయంత్రం పూట పడమట తప్ప కనిపించడు. ఎంత ఎక్కువ ఉన్నా సూర్యుడు అస్తమించిన మూడు గంటలు, కాస్త పైచిలుకులో తానూ దిగిపోతాడు. చీకటి పడుతున్న వేళ తూర్పున పైకి వస్తున్న పెద్ద చుక్క శుక్రుడు కానే కాదు. రాత్రి పదిన్నర దాటాక మిరుమిట్లు గొలిపేదీ అతను కాదు. కుజుడి వెలుగు మాత్రం నిలకడలేనిది. రెండేళ్లకోసారి, ఇంకాస్త వ్యవధిలో, భూమికి దగ్గరగా వచ్చినప్పుడు సిరియస్‌తో పోటీ పడతాడు, ఒక్కోసారి మించిపోతాడు కూడా. దూరమయ్యాక మామూలు చుక్కల్లో ఒకడైపోతాడు. శని ఎప్పుడూ ఆడంబరం లేని లేత పసుపు చుక్క. కొత్తవారు చూసి కూడా చూడనట్టు దాటిపోయే గ్రహం అదే.

ఈ మూడు ప్రశ్నలనూ ఒకే రాత్రి మీద పెట్టి చూడటానికి 2025 జనవరి 20 సాయంత్రం మంచి ఉదాహరణ. ఆ రోజు హైదరాబాద్‌లో సూర్యాస్తమయం ఆరు గంటల ప్రాంతంలో. ఏడు గంటలకు చీకటి బాగా పడింది. నైరుతి, పడమరల మధ్య సగం ఎత్తుకు కాస్త కిందుగా ఒక చుక్క మిగతా వేటికీ సాటిలేనంత ప్రకాశంగా ఉంది. సిరియస్ కన్నా పద్దెనిమిది, ఇరవై రెట్లు వెలుగు. సూర్యుడు దిగిన దారి మీదే ఉంది, తొమ్మిది దాటాక అస్తమించింది. అది శుక్రుడు. దానికి రెండు, మూడు డిగ్రీల దూరంలో, అంటే చేయి చాపితే రెండు వేళ్ల వెడల్పులో, మరో మసక చుక్క నిలకడగా ఉంది. ఆ చుట్టుపక్కల ప్రకాశవంతమైన నక్షత్రం ఏదీ ఉండాల్సిన చోటు కాదది. ఆ చుక్క శని. శుక్రుడి వెలుగులో పడి దాన్ని గమనించనివారే ఎక్కువమంది ఉండి ఉంటారు.

అదే సమయానికి తూర్పున బాగా ఎత్తులో ఇంకో పెద్ద చుక్క ఉంది. శుక్రుడంత కాకపోయినా సిరియస్‌కు మూడు రెట్లకు దగ్గరగా వెలుగుతోంది. తూర్పున ఉంది కాబట్టి శుక్రుడు కాదు, ఏ నక్షత్రం కన్నా మిన్న కాబట్టి నక్షత్రమూ కాదు. అది గురుడు. దానికి దక్షిణంగా అయిదు డిగ్రీల దూరంలో, అంటే మూడు వేళ్ల వెడల్పులో, నారింజ రంగు రోహిణి ఉంది. రెండూ అంత ఎత్తులో ఉండటంతో మినుకులో తేడా చిన్నదే. ఇక్కడ తేల్చింది మినుకు కాదు, వెలుగు.

అసలు పరీక్ష ఇంకా కిందకు ఉంది. ఈశాన్యానికి, తూర్పుకు మధ్య 18 డిగ్రీల ఎత్తున ఒక ఎర్రటి చుక్క. ఆగ్నేయానికి, తూర్పుకు మధ్య 20 డిగ్రీల ఎత్తున ఒక తెల్లని చుక్క. రెంటి వెలుగూ దాదాపు సమానం. ఎత్తూ సమానమే, కాబట్టి అడ్డున్న గాలీ ఒకటే. తెల్లనిది నిప్పురవ్వలా చిటపటలాడుతూ క్షణానికోసారి నీలం, ఎరుపు, ఆకుపచ్చ ఛాయలు విసురుతోంది. కాంతిలోని ఒక్కో రంగును గాలి ఒక్కో మేరకు వంచడం వల్ల నేలకు దగ్గరున్న ప్రకాశవంతమైన నక్షత్రంలో ఈ రంగుల ఆట పుడుతుంది. అది సిరియస్. ఎర్రటి చుక్క ఆ ఎత్తులో కాస్త చలించినా రంగు మార్చలేదు. స్థిరమైన నారింజ ఎరుపులోనే ఉంది. పైగా గురుడి నుంచి తూర్పుకు సాగే దారి మీద ఉంది. సిరియస్ ఆ దారికి నాలుగు పిడికిళ్ల దూరంలో దక్షిణాన ఉండిపోయింది. ఎర్రటిది కుజుడు, నాలుగు రోజుల ముందే, జనవరి 16న, భూమికి సరిగ్గా సూర్యుడి ఎదురు దిక్కున నిలిచాడు కాబట్టే అంత వెలుగు. గాలి ఒకటే, వెలుగు ఒకటే అయినప్పుడు మినుకు ఎంత నమ్మకమైన సాక్షిగా మారుతుందో చెప్పడానికి ఇంతకు మించిన సందర్భం అరుదు.

అంత పరీక్ష తర్వాత కూడా సందేహం మిగిలితే దాన్ని తీర్చేది కాలం. నక్షత్రాల మధ్య దూరాలు మనిషి జీవితకాలంలో కంటికి తెలిసేంత మారవు. గ్రహం జరుగుతుంది. ఇక్కడ కొత్తవారు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. కొబ్బరిచెట్టు మీదో నీళ్ల ట్యాంకు మీదో కనిపించిన చుక్క వారం తర్వాత అదే వేళకు పడమటికి జరిగితే గ్రహమని తేల్చేస్తారు. నక్షత్రాలు కూడా రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుగా ఉదయిస్తాయి, అంటే వారానికి దాదాపు ఏడు డిగ్రీలు పడమటికి జరిగి కనిపిస్తాయి. చూడాల్సింది చెట్టుతో కాదు, పక్క చుక్కలతో దూరం. అనుమానమున్న చుక్కనూ దాని చుట్టూ ఉన్న మూడు, నాలుగు నక్షత్రాలనూ కాగితం మీద గుర్తుగా వేసుకుని, పది, పదిహేను రోజులకు మళ్లీ వేసి పోల్చితే సరిపోతుంది. 2025 జనవరి మొదటి రోజుల్లో కుజుడు పునర్వసు జంటలోని పెద్ద నక్షత్రానికి తూర్పున దాదాపు పిడికిలెడు దూరంలో ఉన్నాడు. ఇరవై దాటేసరికి దాని పక్కకు రెండున్నర డిగ్రీల లోపుకు వచ్చాడు. ఫిబ్రవరి మధ్యకు దాన్ని దాటి పడమటి వైపుకు వెళ్లిపోయాడు. మామూలుగా తూర్పుకు నడవాల్సిన గ్రహం పడమటికి నడవడమే పంచాంగాల్లో కనిపించే వక్రగతి. భూమి తన లోపలి దారిలో వేగంగా కుజుణ్ణి దాటిపోయేటప్పుడు అలా తోస్తుంది.

ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. వక్రగతి మొదలయ్యేటప్పుడు, ముగిసేటప్పుడు గ్రహం కొన్నాళ్లు నిలిచిపోయినట్టు ఉంటుంది. అదే ఏడాది జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి వారం దాకా గురుడు రోహిణి పక్కన ఒక డిగ్రీ కూడా కదల్లేదు. అప్పుడు ఆ జోడీని నెల రోజులు చూసినవారు రెండూ నక్షత్రాలే అనుకుంటే తప్పుపట్టలేం. శని విషయంలో మామూలు రోజుల్లోనే ఓపిక కావాలి; రాశిచక్రం చుట్టి రావడానికి అతనికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది.

కాగితం, పెన్సిలు వద్దనుకునేవారికి ఇంట్లోనే ఒక సాధనం ఉంది, పంచాంగం. గ్రహాలు ఏ రాశిలో ఉన్నాయో అందులో ఉంటుంది. తెలుగు పంచాంగాలది నిరయన పద్ధతి, అంటే రాశులను నక్షత్రాలతో ముడిపెట్టి లెక్కిస్తారు. కాబట్టి అందులో చెప్పిన చోటు ఆకాశంలో ఉన్న నక్షత్రాలతో చాలా వరకు సరిపోతుంది. 2025 జనవరి 20న అందులో గురుడు వృషభంలో, శుక్రుడు, శని కుంభంలో ఉన్నారు; రోహిణి ఉండేది వృషభంలోనే. పాశ్చాత్య పద్ధతి రాశులు దీనికి దాదాపు 24 డిగ్రీల తేడాలో ఉంటాయి కాబట్టి వాటితో ఆకాశంలో వెతికితే పక్క రాశిలో వెతికినట్టవుతుంది. గురుడు ఏడాదికి సుమారు ఒక రాశి చొప్పున పన్నెండేళ్లకు చుట్టు పూర్తి చేస్తాడన్న సంగతి తెలుగువారికి పుష్కరాల ద్వారా తెలిసిందే. గురుడు సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరి పుష్కరాలు. 2015 జులైలో ఆ పుష్కరాలు మొదలవడానికి రెండు వారాల ముందు, జూన్ 30న, గురుడూ శుక్రుడూ సాయంత్రపు పడమటి ఆకాశంలో చంద్రుడి వెడల్పు కన్నా దగ్గరగా చేరారు. రెండు పెద్ద చుక్కలు ఒకదానికొకటి ఆనుకున్నట్టు ఉన్న ఆ జంటకు ఎడమ పక్కగా కాస్త ఎత్తున ఉన్న తెల్లని చుక్కే మఖ.

మధ్యలో వచ్చే మోసగాళ్లను వదిలించుకోవడం తేలిక. ఎదురుగా వస్తున్న విమానం దీపం కొద్ది నిమిషాలు కదలకుండా శుక్రుడిలా వెలుగుతుంది, తర్వాత ఎరుపు, పచ్చ దీపాలతో బయటపడిపోతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మినుకులేకుండా గురుడంత ప్రకాశంతో పోతుంది గానీ నాలుగైదు నిమిషాల్లో ఆకాశాన్ని దాటేస్తుంది.

ఆఖరి మాట చెప్పాల్సింది బైనాక్యులర్. 10×50 రకం చాలు, కానీ చేతులు వణకకుండా గోడకో స్తంభానికో ఆనించి చూడాలి. నక్షత్రం ఎంత పెద్దదైనా అందులో చుక్కగానే ఉంటుంది, ఇంకా ప్రకాశవంతమైన చుక్కగా. గురుడు మాత్రం చిన్న గుండ్రటి బిళ్లలా కనిపిస్తాడు, అతని పక్కన ఒకే గీతలో పేర్చినట్టు రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు చిన్న చుక్కలు ఉంటాయి. అవి 1610లో గెలీలియో కనిపెట్టిన నాలుగు ఉపగ్రహాలు. ఒకటి గురుడి ముందుకో వెనక్కో పోతే ఆ రాత్రి మూడే కనిపిస్తాయి. శుక్రుడు భూమికి దగ్గరవుతూ ఉన్న నెలల్లో అందులో చిన్న నెలవంకలా తోస్తాడు. పూర్తి చీకటిలో అతని మిరుమిట్లు ఆకారాన్ని చెరిపేస్తాయి కాబట్టి సూర్యుడు అస్తమించిన వెంటనే చూడటం మేలు. శని ఉంగరాల కోసం బైనాక్యులర్‌తో ఆశపడి లాభం లేదు. వాటికి కనీసం ఇరవై అయిదు, ముప్పై రెట్లు పెద్దది చేసి చూపే టెలిస్కోపు కావాలి.